ఆరో వేలు ఎక్కడినుంచి వస్తుంది?

2023 మార్చిలో పోప్ ఫ్రాన్సిస్ తెల్లటి ఉబ్బు కోటు వేసుకుని నడుస్తున్న ఫొటో ఒకటి ప్రపంచమంతా తిరిగింది. చాలామంది నిజమనే నమ్మారు. అది కెమెరాతో తీసింది కాదు, మిడ్‌జర్నీ అనే ఏఐ సాధనంతో చేసిన బొమ్మ. ముఖం, కోటు మడతలు, మీద పడుతున్న వెలుతురు చూస్తే అనుమానం రాదు. అనుమానం వచ్చినవాళ్లు చూపించింది చేతిని. ఏదో కాఫీ కప్పు పట్టుకున్నట్టు ఉంది గానీ వేళ్లు దాని చుట్టూ బిగుసుకోలేదు. కప్పు ఎక్కడ ఆగింది, వేలు ఎక్కడ మొదలైంది అన్నది తేలలేదు.

అప్పటినుంచి ఈ సాధనాలు చాలా మెరుగయ్యాయి. అయినా మన ఊళ్లో పెళ్లి పత్రికల మీద, దుకాణాల ఫ్లెక్సీల మీద, వాట్సాప్‌లో వచ్చే పచ్చళ్ల ప్రకటనల మీద ఏఐ బొమ్మలు జాగ్రత్తగా చూడండి. తప్పు దొరికేది ఎక్కువగా రెండు చోట్ల: చేతి వేళ్ల దగ్గర, వస్తువు మీదున్న పేరూ లోగో దగ్గర. వేలికీ లోగోకీ సంబంధం లేదనిపిస్తుంది గానీ, రెండూ చెడిపోవడానికి మూలం దాదాపు ఒకటే. అది తెలిస్తే ప్రాంప్ట్‌లో ఏ మాట పనికొస్తుందో, ఏ మాట దండగో మనకే అర్థమవుతుంది.

లెక్క పెట్టని చెయ్యి

స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి సాధనం బొమ్మను ఒక మూల మొదలుపెట్టి గీసుకుంటూ పోదు. ముందు కాగితమంతా చుక్కల గందరగోళం ఉంటుంది, సిగ్నల్ లేని పాత టీవీ తెర మీద కనిపించేలాంటిది. సాధనం ఆ గందరగోళాన్ని కొద్దికొద్దిగా శుభ్రం చేస్తూ పోతుంది. మామూలుగా ఇరవై నుంచి యాభై విడతల్లో బొమ్మ తేలుతుంది. మొదటి కొన్ని విడతల్లోనే మనిషి ఎక్కడ, చెయ్యి ఎక్కడ, సీసా ఎక్కడ అన్న పెద్ద ఆకారాలు కుదిరిపోతాయి. తర్వాతి విడతలు వాటికి నునుపు, నీడ, గోరు, మడత లాంటివి అద్దుతాయి.

ఈ పని మొత్తంలో ఎక్కడా లెక్క ఉండదు. మన ఇళ్ల ముందు ముగ్గు వేసేవాళ్లు ముందు చుక్కలు లెక్కగా పెట్టుకుని, ఆ తర్వాతే గీత కలుపుతారు. ఈ సాధనం చుక్కలు పెట్టుకోకుండా నేరుగా గీత కలుపుతుంది. ఇప్పటిదాకా చూసిన కోట్లాది ఫొటోలలో వేలి పక్కన ఎక్కువగా ఏముంది? ఇంకో వేలు. కాబట్టి ఇక్కడ వేలు ఉంటే దాని పక్కన వేలు ఉండటం సహజమని దానికి తెలుసు. ఎన్నో వేలి దగ్గర ఆగాలో చెప్పే నియమం మాత్రం దాని దగ్గర లేదు. తొలి విడతల్లో అరచేతి చివర ఐదు మసక చారలకు బదులు ఆరు పడ్డాయనుకోండి, తర్వాతి విడతలు ఆ ఆరో చారను తీసేయవు. దానికీ చక్కటి గోరు పెట్టి, నీడ వేసి, అసలైన వేలిలా తీర్చిదిద్దుతాయి. ఏఐ బొమ్మల్లో తప్పు వేలు కూడా అంత నమ్మకంగా కనిపించడానికి కారణం ఇదే.

దీనికి తోడు, సాధనం నేర్చుకున్న ఫొటోల్లో చేతులు ఒకే రూపంలో ఉండవు. ముఖమైతే ఎటు తిరిగినా రెండు కళ్లు, ముక్కు, నోరు ఇంచుమించు ఒకే వరుసలో ఉంటాయి. చెయ్యి అలా కాదు. పిడికిలి బిగిస్తే ఒక రూపు, నమస్కారం పెడితే ఒక రూపు, జేబులో పెట్టుకుంటే సగమే కనిపిస్తుంది. ఫోను పట్టుకున్న చేతికి కొన్ని ఫొటోల్లో మూడు వేళ్లు కనిపిస్తాయి, కొన్నిట్లో నాలుగు. ఫొటో కింద ఉండే వివరణలో "పార్కులో నవ్వుతున్న అమ్మాయి" అని ఉంటుంది తప్ప, ఎడమ చేతి చూపుడు వేలు కప్పు వెనక దాగుందని ఎవరూ రాయరు. కనిపించని వేలు లేనట్టు కాదన్న సంగతి దానికి మాటల్లో చెప్పినవాళ్లు లేరు.

వేలికి దక్కే చోటు ఎంత?

రెండో కారణం కొలతలది. ఇది అర్థమైతే సగం సమస్య మన చేతిలోకి వస్తుంది.

2022 ఆగస్టులో విడుదలైన తొలి స్టేబుల్ డిఫ్యూజన్ 512 పిక్సెళ్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న బొమ్మ గీసేది. అయితే అది నేరుగా పిక్సెళ్ల మీద పని చెయ్యదు. బొమ్మను ఎనిమిదో వంతుకు కుదించి, 64 వరుసలు, 64 నిలువుల గడుల్లో పని చేసి, చివర్లో మళ్లీ పెద్దది చేస్తుంది. అంటే ఒక్కో గడి అసలు బొమ్మలో ఎనిమిది పిక్సెళ్ల చదరానికి సమానం.

ఇప్పుడు 165 సెంటీమీటర్ల ఎత్తున్న ఒక స్త్రీని తల నుంచి పాదం దాకా చూపించమని అడిగామనుకుందాం. ఆమె బొమ్మ పై అంచు నుంచి కింది అంచు దాకా ఉంటే, ఒక సెంటీమీటరుకు దాదాపు మూడు పిక్సెళ్లు వస్తాయి. వేలు వెడల్పు ఒకటిన్నర సెంటీమీటరుకు కాస్త ఎక్కువ. కాబట్టి వేలికి దక్కేది ఐదు పిక్సెళ్లు. గడి వెడల్పేమో ఎనిమిది. ఒక్క వేలు ఒక్క గడిని కూడా నింపదు. ఐదు వేళ్లూ, వాటి మధ్య సందులూ కలిపి మూడు నాలుగు గడుల్లో సర్దుకోవాలి. అంత ఇరుకులో వేళ్లు అతుక్కుపోవడం, రెండు ఒకటవడం వింత కాదు.

అదే బొమ్మను 2023 జులైలో వచ్చిన ఎస్‌డీఎక్స్‌ఎల్ లాంటి దానితో 1024 పిక్సెళ్లలో చేయించి, మనిషి మొత్తాన్ని కాకుండా చేతిని దగ్గరగా చూపించమంటే లెక్క మారిపోతుంది. 17 సెంటీమీటర్ల చెయ్యి బొమ్మలో సగం ఎత్తు ఆక్రమించిందనుకోండి. సెంటీమీటరుకు 30 పిక్సెళ్లు, వేలికి 48 పిక్సెళ్లు, అంటే ఆరు గడులు. ఇప్పుడు వేలికీ వేలికీ మధ్య సందు చూపించడానికి చోటుంది.

కొత్త సాధనాల లోపలి అమరిక వేర్వేరుగా ఉంటుంది. కొన్ని ఒక్కో గడిలో ఎక్కువ సమాచారం దాచుకుంటాయి, కొన్ని అసలు వేరే పద్ధతిలో గీస్తాయి. కానీ బొమ్మలో చిన్నగా ఉన్నది ముందు చెడుతుందన్న సూత్రం మాత్రం అన్నిటికీ వర్తిస్తుంది. అందుకే గుంపు ఫొటోలో వెనక నిలబడ్డవాళ్ల చేతులు చూడండి, తప్పు మొదట అక్కడే దొరుకుతుంది.

అక్షరాల కథా ఇంతే

వస్తువు మీదున్న పేరు చెడిపోవడానికి చోటు చాలకపోవడం ఒక కారణం. పైన చెప్పిన నిలువెత్తు బొమ్మలో ఆమె చేతిలోని సీసా మీద ఒక సెంటీమీటరు అక్షరాలున్నాయంటే ఒక్కో అక్షరానికి మూడు పిక్సెళ్లు. అక్షరాల్లాంటి గీతలు తప్ప అక్షరాలు రావు.

ఇంకో కారణం, మనం రాసిన మాట సాధనానికి అందే తీరులో ఉంది. తొలి సాధనాలు మన ప్రాంప్ట్‌ను క్లిప్ అనే అనువాదకం ద్వారా చదివేవి. అది మాటను అక్షరాలుగా చూడదు, ముక్కలుగా చూస్తుంది. ఇంగ్లిష్‌లో బాగా వాడుకలో ఉన్న మాటైతే మొత్తం ఒకే ముక్క. ఆ ముక్క అర్థం దానికి తెలుసు, స్పెల్లింగు తెలియదు. "మామిడి" అంటే ఏ రంగు, ఏ ఆకారం అని తెలిసినంత బాగా ఆ మాటలో ఎన్ని అక్షరాలున్నాయో తెలియదు. 2022 చివర్లో గూగుల్ పరిశోధకులు ఇదే పరీక్షించి చూశారు. మాటను అక్షరాల స్థాయిలో చదివే అనువాదకాన్ని పెడితే బొమ్మలోని రాత గణనీయంగా మెరుగైంది. ఈ రెండు మూడేళ్లలో వచ్చిన సాధనాలు చిన్న ఇంగ్లిష్ మాటలను చాలావరకు సరిగ్గా రాయడానికి ఇలాంటి మార్పులే కారణం.

ఇంగ్లిష్‌లో AVAKAYA అని రాయించాలనుకోండి. ఏడక్షరాల్లో నాలుగు A లే. ఒకేలాంటివి పక్కపక్కన మళ్లీ మళ్లీ వస్తున్నప్పుడు ఎక్కడ ఆపాలో తెలియకపోవడం వేళ్ల దగ్గర చూశాం. ఇక్కడా అదే జరుగుతుంది. AVAKAYAYA అనో, AVKAYA అనో వచ్చే ప్రమాదం ఎక్కువ.

తెలుగులో రాయమంటే కష్టం ఇంకా పెరుగుతుంది. కంప్యూటర్ దృష్టిలో "స్త్రీ" ఒక్క అక్షరం కాదు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం అని ఆరు సంకేతాలు. ఒక్కోటి మూడు బైట్ల చొప్పున పద్దెనిమిది బైట్లు. ఇంగ్లిష్ మాటలకోసం తయారైన అనువాదకానికి అది అర్థం లేని తునకల వరుస. పైగా మన వత్తు అక్షరం కిందికి, పక్కకు చేరుతుంది. గుణింతం గుర్తు తలకట్టు స్థానంలో కూర్చుంటుంది. రాసిన వరుస ఒకటి, కాగితం మీద కనిపించే అమరిక ఒకటి. తెలుగు రాత ఉన్న ఫొటోలు సాధనాలు చూసినవాటిలో ఇంగ్లిష్‌తో పోలిస్తే చాలా తక్కువ. అందుకే దూరం నుంచి తెలుగులా, దగ్గరికెళితే కొంత కన్నడలా, ఇంకా దగ్గరికెళితే ఏ భాషా కానట్టు ఉండే రాత వస్తుంది.

ఒక ఆవకాయ సీసా

ఇప్పుడొక పని తీసుకుందాం. ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే ఒకావిడ తన ఆవకాయకు ప్రకటన బొమ్మ కావాలనుకున్నారు. చాలామంది రాసే ప్రాంప్ట్ ఇలా ఉంటుంది:

```
Beautiful Telugu woman standing in a village
courtyard with her family, holding a pickle jar
with my brand logo and name, bangles, rings,
perfect hands, no extra fingers, 8k, masterpiece
```

ఇందులో ప్రతి మాటా ఏం చేస్తుందో చూడండి. నిలబడి ఉన్న మనిషి, వాకిలి, కుటుంబం అనగానే కెమెరా వెనక్కి జరుగుతుంది. చెయ్యి చిన్నదైపోతుంది. కుటుంబంలో నలుగురుంటే ఎనిమిది చేతులు, నలభై వేళ్లు, అన్నీ చిన్నవే. గాజులు, ఉంగరాలు చేతికి కొత్త గీతలు తెస్తాయి. ఉంగరం దగ్గర వేలు విడిపోవడం, గాజు చర్మంలో కలిసిపోవడం మామూలు. పెళ్లి బొమ్మల్లో గోరింటాకు కూడా ఇలాగే వేలి కణుపులను తికమక పెడుతుంది. "నా బ్రాండ్ లోగో" అన్న మాటకు అసలు అర్థం లేదు, ఆ లోగోను సాధనం ఎన్నడూ చూడలేదు. ఖాళీ వదలకుండా ఏదో ఒకటి గీస్తుంది. చివరి 8k, masterpiece అన్నవి బొమ్మలో ఒక్క పిక్సెల్ కూడా పెంచవు. తళుకు మాత్రం పెరుగుతుంది.

అదే పనికి మార్చి రాసిన ప్రాంప్ట్ ఇది:

```
Close-up product photo, one large glass jar filled
with thick red mango pickle, on a wooden table.
One woman's hand holds the jar from the side,
thumb in front, other fingers hidden behind the jar.
Plain blank cream paper label facing the camera.
Soft window light, plain dark background.
```

"క్లోజప్" అన్న మొదటి మాటే పెద్ద పని చేస్తుంది. వేలికి చోటు పెంచుతుంది. ఒకే చెయ్యి అని సంఖ్య చెప్పాం కాబట్టి రెండో చెయ్యి ఎక్కడ పెట్టాలన్న చిక్కు తగ్గింది. పట్టుకునే తీరు కూడా మనమే నిర్ణయించాం. బొటనవేలు ముందు, మిగతావి సీసా వెనక. ఇలా పట్టుకుంటే సరిగ్గా రావలసిన వేలు బొమ్మలో ఒక్కటే. సీసా నిండా చిక్కటి పచ్చడి ఉండటం కూడా ఇక్కడ అవసరమే. ఖాళీ గాజు సీసా అయితే వెనక వేళ్లు గాజులోంచి కనిపించాలి, అది ఇంకా కష్టం. లేబుల్ ఖాళీగా ఉంచమన్నాం, ఎందుకో తర్వాత చెబుతాను.

ఇంకో సంగతి వరుస. క్లిప్ అనువాదకానికి 77 ముక్కల హద్దు ఉంది. అందులో మొదలు, చివర గుర్తులు పోగా మనకు మిగిలేది 75. పాత సాధనాలలో ఆ హద్దు దాటింది తెగిపోయేది. కొత్తవి పొడవాటి ప్రాంప్ట్ చదువుతాయి గానీ, ముందు చెప్పిన విషయానికి ప్రాధాన్యం ఇవ్వడం అన్నిటితోనూ మంచి అలవాటే. చెయ్యి ముఖ్యమైతే చేతిని ముందు రాయండి, కిటికీ వెలుతురును చివర రాయండి.

ఏ మాట పనిచేసిందో తెలుసుకోవాలంటే ఒకేసారి అన్నీ మార్చకూడదు. చాలా సాధనాల్లో సీడ్ అనే సంఖ్య ఉంటుంది. మొదట పరిచే చుక్కల గందరగోళం ఆ సంఖ్యను బట్టే ఉంటుంది. సీడ్ మార్చకుండా ఒక్క వాక్యం మార్చి మళ్లీ గీయిస్తే, వచ్చిన తేడా ఆ వాక్యానిదే. సీడ్ కూడా మారితే, బాగుపడింది మాట వల్లనో అదృష్టం వల్లనో తేలదు.

అన్ని పనులూ ఇంత తేలిగ్గా లొంగవు. నమస్కారంలో పది వేళ్లు ఒకదానికొకటి ఆనుకుంటాయి. అన్నం ముద్ద కలుపుతున్న చేతిలో వేళ్లు మెతుకుల్లో కలిసిపోతాయి. తలంబ్రాలు పోస్తున్న జంటలో నాలుగు చేతులు ఒకేచోట కలుస్తాయి. ఇలాంటివి తప్పదంటే పక్కనుంచి చూపించమనండి, ఒక్క జత చేతులే ఫ్రేములో ఉండేలా అడగండి. బొమ్మకు చేతులే అవసరం లేకపోతే భుజాల దాకా చూపించమనడం నామోషీ కాదు. ఫొటోగ్రాఫర్లు ఎప్పటినుంచో చేస్తున్నదే.

"వద్దు" అన్న మాట ఎందుకు ఎదురుతిరుగుతుంది?

మొదటి ప్రాంప్ట్‌లో no extra fingers అని ఉంది. మనిషికి చెబితే అర్థమయ్యే మాట. కానీ ఫొటోల కింద వివరణలు రాసేవాళ్లు బొమ్మలో ఉన్నవి రాస్తారు, లేనివి రాయరు. అందుకే ఈ సాధనాలకు "లేదు", "వద్దు" అన్న మాటల బలం సరిగ్గా అందలేదు. extra, fingers అన్నవి మాత్రం బాగా అందుతాయి. వేళ్ల మీద దృష్టి పెంచి, వద్దన్నదాన్నే పిలిచినట్టవుతుంది. ప్రాంప్ట్‌లో కావలసినదే రాయాలి. "రాత వద్దు" అనే బదులు "ఖాళీ లేబుల్" అనాలి. "జనం వద్దు" అనే బదులు "ఖాళీ వాకిలి" అనాలి.

స్టేబుల్ డిఫ్యూజన్ వాడే కొన్ని యాప్‌లలో నెగటివ్ ప్రాంప్ట్ అని వేరే పెట్టె ఉంటుంది. దాని పని వేరు. సాధనం ప్రతి విడతలోనూ మన ప్రాంప్ట్ వైపు జరుగుతూ, ఆ పెట్టెలో రాసినదానికి దూరంగా జరుగుతుంది. మిడ్‌జర్నీలో ఆ పని `--no` చేస్తుంది. అక్కడ ఇలా రాయొచ్చు:

```
extra fingers, fused fingers, deformed hand,
garbled text, watermark
```

దీనికీ హద్దుంది. ఇది బొమ్మను ఒక పక్కకు నెట్టగలదు గానీ వేళ్లు లెక్కపెట్టలేదు. నేర్చుకున్న ఫొటోల కింద "వంకర వేళ్లు" అని రాసి ఉన్నవి చాలా తక్కువ కాబట్టి ఆ మాట దానికి మసకగానే తెలుసు. వంద మాటలు కుక్కితే ఒకదాని బలం ఒకటి తగ్గిస్తాయి. నాలుగైదు చాలు. ఈ పెట్టె లేని సాధనాలూ ఉన్నాయి, వాటిలో కావలసినదాన్ని వివరంగా చెప్పడం ఒక్కటే దారి.

ఒక్క చెయ్యే చెడితే

బొమ్మంతా బాగా వచ్చి చెయ్యి మాత్రం చెడితే మొత్తం మళ్లీ గీయించనక్కర్లేదు. ఆ ఒక్క చోటును మాత్రం మళ్లీ గీయించుకునే సౌకర్యం ఉంది, దాన్ని ఇన్‌పెయింటింగ్ అంటారు. చేతి మీద బ్రష్‌తో ముసుగు వేసి, అక్కడికే కొత్త ప్రాంప్ట్ ఇవ్వాలి. ముసుగు వేలి చుట్టూ గీసినట్టు ఇరుగ్గా ఉండకూడదు. మణికట్టు కూడా కొంచెం లోపలికి రావాలి, అప్పుడే కొత్త చెయ్యి పాత ముంజేతికి సరిగ్గా అతుకుతుంది. కొన్ని యాప్‌లలో ముసుగు వేసిన భాగాన్ని మాత్రమే పూర్తి సైజులో గీయమనే ఎంపిక ఉంటుంది. అది ఎంచుకుంటే యాభై పిక్సెళ్ల చేతికి కూడా తాత్కాలికంగా మొత్తం కాన్వాసు దొరుకుతుంది. ఇందాకటి చోటు సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. ప్రాంప్ట్ కూడా చేతికి మాత్రమే రాయాలి. స్త్రీ, వాకిలి, పచ్చడి అని పాత ప్రాంప్టంతా ఇస్తే ఆ చిన్న చోట్లో ఇంకో చిన్న స్త్రీ ప్రత్యక్షమైనా ఆశ్చర్యం లేదు.

పాత బొమ్మను ఎంతమేర మార్చాలో చెప్పే డీనాయిజింగ్ అనే అంకె సున్నా నుంచి ఒకటి దాకా ఉంటుంది. 0.4 నుంచి 0.6 మధ్య మొదలుపెట్టడం మంచిది. 0.2 లాంటి చిన్న అంకె పెడితే చర్మం నునుపవుతుంది గానీ ఆరో వేలు అలాగే ఉంటుంది, ఎందుకంటే ఆకారాలు కుదిరే తొలి విడతల్లోకి మనం వెళ్లనే లేదు. 0.9 పెడితే చెయ్యి పూర్తిగా మారిపోయి, చర్మపు రంగు, వెలుతురు మిగతా బొమ్మతో కలవవు.

లోగోను అడగొద్దు, అతికించండి

ఇప్పుడు ఖాళీ లేబుల్ సంగతి. ప్రసిద్ధ కంపెనీల లోగోలు సాధనం వేలసార్లు చూసి ఉంటుంది. వాటిని కూడా అచ్చుగుద్దినట్టు దాచుకోదు, చూసినవన్నీ కలిసిన ఒక ఛాయ దానిలో మిగులుతుంది. దానికి గట్టి ఉదాహరణ ఉంది. గెట్టీ ఇమేజెస్ అనే ఫొటోల సంస్థ 2023లో స్టెబిలిటీ ఏఐ మీద అమెరికాలో, బ్రిటన్‌లో కోర్టుకెళ్లింది. తమ ఫొటోల మీద ముద్రించే పేరు వంకరపోయిన రూపంలో ఏఐ బొమ్మల్లో కనిపిస్తోందన్నది వాళ్లు చూపించిన వాటిలో ఒకటి. అన్నిసార్లు చూసిన ముద్రే వంకరగా వచ్చింది. ఒక్కసారి కూడా చూడని మన ఊరి పచ్చళ్ల లోగోను ఎన్ని మాటల్లో వర్ణించినా సరిగ్గా ఎలా వస్తుంది? "గుండ్రటి పసుపు వలయంలో మామిడికాయ, కింద ఎర్ర అక్షరాలు" అన్న మాటలకు వెయ్యి బొమ్మలు సరిపోతాయి. లోగో అంటే ఆ వెయ్యిలో ఒకే ఒక్కటి.

లోగో ఫైలునే జతచేసి వాడమనే సౌకర్యం కొత్త సాధనాల్లో ఉంది. ఫలితం ముందుకంటే చాలా మెరుగు. కానీ చాలావరకు అవి కూడా అతికించవు, చూసి మళ్లీ గీస్తాయి. చిన్న గీత, అక్షరాల మధ్య దూరం, రంగు ఛాయ మారొచ్చు.

సరైన దారి ఇది. బొమ్మను ఖాళీ లేబుల్‌తో తయారు చేయించుకోవాలి. తర్వాత ఫొటోషాప్‌లోనో, జింప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనో అసలు లోగో ఫైలును దాని మీద పెట్టాలి. వెనక తెలుపు లేని పీఎన్‌జీ గానీ, ఎస్‌వీజీ గానీ కావాలి. సీసా గుండ్రంగా ఉంటుంది కాబట్టి లోగో అంచులను లేబుల్ వంపుకు తగ్గట్టు వంచాలి. ఆ పొరను మల్టిప్లై పద్ధతిలో పెడితే కింద కాగితం మీదున్న నీడ లోగో మీదకూ వస్తుంది, అతికించినట్టు తెలియదు. తెలుగు పేరైతే రామభద్ర, మండలి లాంటి ఉచిత ఫాంట్లలో మీరే టైపు చేయండి. వత్తు ఎక్కడ పడాలో ఫాంటుకు కచ్చితంగా తెలుసు, బొమ్మ గీసే సాధనానికి తెలియదు.

బొమ్మలోనే రాత కావాలంటే, ఒక చిన్న ఇంగ్లిష్ మాట మాత్రం అడగొచ్చు. దాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, ఎక్కడ ఉండాలో, ఎంత పెద్దగా ఉండాలో చెప్పాలి:

```
label with the single word "MANGO" in large
bold black capital letters, centered
```

కొటేషన్ గుర్తులు అందులో ఉన్నది వస్తువు కాదని, రాయవలసిన మాట అని తెలుపుతాయి. single అన్న మాట చుట్టూ చిన్న అక్షరాలు కల్పించడాన్ని తగ్గిస్తుంది. large అన్నది చోటిస్తుంది. లేకపోతే మామిడి మాట విని సాధనం లేబుల్ మీద మామిడిపండు గీసే అవకాశం కూడా ఉంది.

అచ్చుకిచ్చే ముందు

చూపు తొందరపడితే ఆరో వేలిని మనమే దాటేస్తాం. బొమ్మను రెండింతలు పెద్దది చేసి మణికట్టు దగ్గర మొదలుపెట్టండి. ఒక్కో వేలినీ మొదలు నుంచి కొస దాకా కంటితో వెంబడించండి. బొటనవేలికి రెండు కణుపులు, మిగతావాటికి మూడు ఉండాలి. వస్తువు వెనక్కి వెళ్లిన వేలు అవతలి వైపు సరైన చోటే తేలిందా, బొటనవేలు సరైన వైపే ఉందా చూడండి. రాతను మామూలుగా చదివితే మనసు తప్పును సరిచేసుకుంటుంది. చివరి అక్షరం నుంచి మొదటికి, ఒక్కొక్కటిగా చదవండి.

ఆహార పదార్థాల బొమ్మల్లో ఇంకొక చోటు తప్పనిసరిగా చూడాలి. సాధనం లేబుల్‌ను నిజమైనదానిలా చూపించాలని అడగనివి కూడా గీస్తుంది: బార్‌కోడ్, శాకాహార గుర్తు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ముద్ర, దాని పక్కన అంకెలు. శాకాహార గుర్తు ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ సంఖ్యకు పద్నాలుగు అంకెలు. సాధనం గీసినవి వీటిలా కనిపించే గీతలే తప్ప గుర్తూ కావు, సంఖ్యా కావు. కొనేవాళ్లు మాత్రం వాటిని నమ్మే కొంటారు. అలాంటివి కనిపిస్తే చెరిపేసి, సొంత లైసెన్స్ సంఖ్యను మీ చేత్తో టైపు చేసి పెట్టండి. వెలుతురు, సీసా మెరుపు, పచ్చడి ఎరుపు సాధనానికి వదిలేయవచ్చు. తయారుచేసిన మనిషి పేరు, ఆ తయారీకి హామీ ఇచ్చే సంఖ్య మాత్రం దానికి వదిలేయకూడదు.